ఆగిన మిక్సీ వేరు... ఆపిన మిక్సీ వేరు!

ఆ రోజు పొద్దున్న ఏడున్నర. పొయ్యి మీద పెనం కాగుతోంది. పిల్లల కోసం దోసెలు వేస్తూ, పక్కన చట్నీ జారులో కొబ్బరి, పుట్నాలపప్పు, పచ్చిమిరపకాయలు వేసి మిక్సీ తిప్పాను. నీళ్ళు తక్కువయ్యాయేమో, కొబ్బరంతా జారు గోడలకి అంటుకుపోయి కింద బ్లేడు ఒట్టిగా తిరుగుతోంది. 'కాసిని నీళ్ళు పోద్దాం' అనుకునేలోగా ఠక్కున కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, మిక్సీ ఆగింది.

ఎలాగూ ఆగింది కదా అని మూత తీశాను. చెంచా సింకులో ఉంది. దానికోసం రెండడుగులు వెయ్యడం ఎందుకులే అని, చూపుడువేలితో గోడలకంటిన కొబ్బరిని కిందికి తోశాను. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. నెత్తిమీద ఫ్యాను, చేతికింద బ్లేడు ఒకేసారి కదిలాయి. వేలు గోడవైపే ఉండబట్టి కొసకే తగిలింది. అయినా నాలుగు కుట్లు పడ్డాయి. కుట్టు వేస్తూ డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "కరెంటు పోయినప్పుడేనా అమ్మా?" అని! అంటే నాలాంటి తెలివైనవాళ్ళు ఆయన దగ్గరికి ముందే వచ్చారన్నమాట.

ఆ వేలే కలం పట్టే వేలు. మూడు వారాలపాటు అక్షరం ముక్క రాయలేక కూర్చున్నప్పుడు నాకు అర్థమైన సంగతి ఒకటుంది. మిక్సీ తిరుగుతున్నప్పుడు అందులో చెయ్యి పెట్టేంత అమాయకులం కాదు మనం. ఆగిందనుకున్నప్పుడే పెడతాం. ప్రమాదం అక్కడే ఉంది.

ఆగడానికీ ఆపడానికీ తేడా

కట్టు విప్పాక, మిక్సీ ఒకసారి చూపించుకుందామని మా వీధి చివర మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. నా వేలు చూసి ఆయన నవ్వలేదు. మిక్సీ బల్లమీద పెట్టి నాబ్ చూపించాడు.

"ఇది రెండులో ఉందనుకోండమ్మా. కరెంటు పోయింది. నాబ్ మాత్రం రెండులోనే ఉందిగా? అంటే మిక్సీ మీరు చెప్పిన పనిలోనే ఉంది. కరెంటు కోసం చూస్తోందంతే. ఆగిన మిక్సీ వేరు, మీరు ఆపిన మిక్సీ వేరు" అన్నాడు.

ఆయన చెప్పినదాన్నిబట్టి మిక్సీ తనంతట తానే ఆగిపోయే సందర్భాలు ముఖ్యంగా మూడు. మొదటిది నాకు జరిగింది, కరెంటు పోవడం. ఇందులో ఈ మధ్య కొత్త చిక్కొకటి వచ్చి చేరింది. ఇన్వర్టరున్న ఇళ్ళలో చాలావరకు లైట్లకి, ఫ్యాన్లకే దాని కనెక్షన్ ఇస్తారు. మిక్సీ పెట్టే ప్లగ్గుకి ఇవ్వరు. అలాంటి ఇంట్లో కరెంటు పోయినా దీపం ఆరదు, ఫ్యాను ఆగదు, మిక్సీ ఒక్కటే ఆగిపోతుంది. 'అయ్యో, పాడైపోయిందేమో' అనుకుని మూత తీసి లోపల చెయ్యి పెట్టి చూస్తాం. పోయింది కరెంటని తెలియనే తెలియదు, ఇక అది తిరిగొస్తుందని ఎలా అనుకుంటాం?

రెండోది ప్లగ్గు వదులై ఆగిపోవడం. పాత సాకెట్లలో పిన్ను సరిగ్గా బిగుసుకోదు. మిక్సీ అదురుకి ప్లగ్గు కాస్త బయటికి జరుగుతుంది. మనం ఒక చేత్తో మూత తీసి చూస్తూ, రెండో చేత్తో ప్లగ్గు నొక్కుతాం. లేదా ఇంట్లో ఇంకెవరో 'అమ్మా, ప్లగ్గు ఊడిందే' అని సాయం చేస్తారు. ఆ సాయం మన వేళ్ళ మీదికి వస్తుంది.

మూడోది కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

అడుగున ఉన్న ఎర్ర బొత్తాం

మిక్సీని బోర్లించి చూస్తే చాలా మోడళ్ళలో అడుగున చిన్న ఎర్ర బొత్తాం కనిపిస్తుంది. దాన్ని ఓవర్‌లోడ్ స్విచ్ అంటారు. మిక్సీ మీద మోయలేనంత బరువు పడితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, లోపలి తీగచుట్టలు వేడెక్కుతాయి. అవి మాడిపోకుండా ఈ స్విచ్ కరెంటుని తెంపేస్తుంది, బొత్తాం బయటికి పొడుచుకొస్తుంది. జారు నిండా గట్టిగా పిండి వేసినా, ఎండు కొబ్బరి ముక్కో పసుపు కొమ్మో బ్లేడుకి అడ్డం పడినా, ఆపకుండా చాలాసేపు తిప్పినా ఇలా జరుగుతుంది.

మనలో చాలామందిమి ఏం చేస్తామంటే, మిక్సీ ఆగగానే జారు తీయకుండానే ఒక పక్కకి ఒంచి, కింద చెయ్యి పెట్టి తడిమి ఆ బొత్తాం నొక్కేస్తాం. ప్లగ్గు ఉంది, నాబ్ ఆన్‌లోనే ఉంది. నొక్కిన మరుక్షణం ఒంగి ఉన్న మిక్సీ మన చేతుల్లోనే తిరగడం మొదలుపెడుతుంది. జారు ఊడుతుంది, మూత ఎగురుతుంది, తప్పు ఎక్కడ జరిగిందో తెలిసేలోపు చెయ్యి అడ్డం పెడతాం.

పెద్దాయన చెప్పిన వరస ఇది. మిక్సీ తనంతట తానే ఆగితే మొదట నాబ్ సున్నాకి తిప్పాలి. తర్వాత గోడమీద స్విచ్ ఆపి, ప్లగ్గు తీసెయ్యాలి. తర్వాత జారు దించాలి. అప్పుడు మూత తీసి సగం పదార్థం వేరే గిన్నెలోకి తీసి, ఏదైనా ముక్క ఇరుక్కుని ఉంటే గరిటె కాడతో కదిలించాలి. మిక్సీకి ఒక అయిదు పది నిమిషాలు చల్లారే టైమివ్వాలి. ఆ తర్వాతే బోర్లించి బొత్తాం నొక్కాలి. వేడిగా ఉన్నప్పుడు నొక్కితే బొత్తాం నిలవదు, మళ్ళీ బయటికొచ్చేస్తుంది. చివరగా ఖాళీ జారు బిగించి మూత పెట్టి ఒక్కసారి తిప్పి చూసి, అప్పుడు పదార్థం వెయ్యాలి.

ఆయన ఇంకోటి కూడా చెప్పాడు. కొన్ని యంత్రాలకి ఈ బొత్తామే ఉండదు. లోపల వేడికి తెగి, చల్లారగానే దానంతటదే తిరిగి అతుక్కునే స్విచ్ ఉంటుంది. కొన్ని గ్రైండర్లలో కూడా ఇది కనిపిస్తుంది. అంటే కరెంటు పోకపోయినా, ఎవరూ ఏమీ నొక్కకపోయినా, ఆగిన యంత్రం కాసేపటికి తిరిగి బయల్దేరుతుందన్నమాట. 'పది నిమిషాలైంది కదా, ఇక తిరగదులే' అనుకోడానికి వీల్లేదు.

'గుయ్‌య్' మని శబ్దం వస్తూ బ్లేడు మాత్రం తిరగకపోతే, అది ఆగినట్టు కాదు. మోటారు తిరగడానికి పెనుగులాడుతోందని అర్థం. అడ్డం తొలగగానే ఒక్కసారిగా విసురుగా తిరుగుతుంది. చెంచాతో పొడిచి చూద్దామనిపిస్తుంది కానీ పొడవకూడదు. వెంటనే నాబ్ సున్నాకి తిప్పాలి.

ఒక్క అలవాటు చాలు

ఇన్ని గుర్తుపెట్టుకోవాలా అంటే, అక్కర్లేదు. ఇన్నింటికీ సరిపోయే అలవాటు ఒక్కటుంది. 'జారు కిందికి దిగాకే మూత తియ్యాలి.' అంతే!

ఎందుకంటే బ్లేడుకి సొంతంగా ప్రాణం లేదు. జారు అడుగున ప్లాస్టిక్ పళ్ళచక్రం ఒకటి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని కప్లర్ అంటారు. మిక్సీ మీద కూడా అలాంటిదే ఇంకోటుంటుంది. ఈ రెండూ కలిస్తేనే మోటారు తిప్పుడు బ్లేడుకి అందుతుంది. జారుని పైకెత్తి గట్టుమీద పెట్టేస్తే కరెంటు వచ్చినా, బొత్తాం నొక్కినా, పిల్లవాడు నాబ్ తిప్పినా పైన మిక్సీ ఒక్కటే తిరుగుతుంది, బ్లేడు కదలదు.

మూత తెరిచినంత మాత్రాన మిక్సీ ఆగదన్న సంగతి గుర్తుంచుకోవాలి. కొన్ని కొత్త మోడళ్ళలో జారు సరిగ్గా బిగియకపోతే తిరగని ఏర్పాటు ఉంది. కానీ మన ఇళ్ళల్లో పదేళ్ళ నుంచీ నడుస్తున్న మిక్సీలు చాలావాటికి అలాంటిదేమీ లేదు.

నాబ్ సున్నాకి తిప్పాక కూడా బ్లేడు ఒకటి రెండు క్షణాలు తిరుగుతూనే ఉంటుంది. తడి పచ్చడిలో తొందరగా ఆగుతుంది. కారంపొడో ధనియాలపొడో కొట్టేటప్పుడు అడ్డంకి తక్కువ కాబట్టి ఇంకొంచెంసేపు తిరుగుతుంది. మామూలు మిక్సీ మోటారు ఒట్టిగా తిరిగితే నిమిషానికి దాదాపు 18 వేల చుట్లు తిరుగుతుంది. అది 'దాదాపు ఆగింది' అనుకునేటప్పటి వేగం కూడా వేలికి చాలా ఎక్కువే. శబ్దం పూర్తిగా ఆగాక మనసులో అయిదు లెక్కపెట్టి జారు ఎత్తండి. కొబ్బరి గోడలకి అంటుకుంటే రబ్బరు గరిటె వాడండి. దించిన జారులో కూడా వేలు పెట్టకండి, ఎందుకంటే కదలని బ్లేడు కూడా కోస్తుంది.

వేడి చారు, ఎగిరే మూత

జారు దించడం అలవాటైనా, మూత విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. టమాటాలు ఉడకబెట్టి అలాగే జారులో వేసి తిప్పేవాళ్ళున్నారు. నేనూ చేశాను. మూత గట్టిగా పెట్టి ఉన్న జారులో వేడి పదార్థం ఒక్కసారిగా చిలికినట్టవుతుంది, లోపలున్న గాలి వేడెక్కి పెరుగుతుంది, ఆవిరి పుడుతుంది. దానికి దారి లేక మూతని తన్నేస్తుంది. మరుగుతున్న టమాటా గుజ్జు మొహం మీద, మెడ మీద పడితే ఎంత బాధో వేరే చెప్పక్కర్లేదు. చట్నీ జారు ఇందుకు మరీ చెడ్డది. అది చిన్నది, గాలి పోయే కంత ఉండదు.

ఉడికినది చేత్తో ముట్టుకుంటే గోరువెచ్చగా అనిపించేదాకా పళ్ళెంలో పరిచి చల్లార్చండి. పెద్ద జారులోనే వెయ్యండి, సగానికి మించి నింపకండి. నాబ్ నేరుగా మూడుకి తిప్పకుండా, పల్స్ వైపు రెండు మూడుసార్లు తిప్పి వదిలి తర్వాత ఒకటికి పెట్టండి. మూత మీద అరచెయ్యి ఆనించి ఉంచడం మంచిదే, కానీ అది పొడి గుడ్డ మీదుగా. మూత లోపలి రబ్బరు సాగిపోయి వదులైతే మూత నిలవదు. మూత పెట్టాక జారుని తలకిందులు చేసినా నీళ్ళు కారకూడదు. కారితే కొత్త రబ్బరు వేయించండి. దాని ఖరీదు చాలా తక్కువ.

తడి చేతులు, మూడో పిన్ను

వంటింట్లో మన చేతులు పొడిగా ఉండే క్షణం ఏది? పప్పు కడిగి, ఆ చేత్తోనే ప్లగ్గు పెడతాం. పొడి చర్మం కరెంటుని కొంత అడ్డుకుంటుంది. తడిస్తే ఆ అడ్డు చాలావరకు పోతుంది. అందుకే ఒకే మిక్సీ పొడి చేతికి జివ్వుమని వదిలేస్తే, తడి చేతికి కొట్టి పడేస్తుంది. ప్లగ్గుకి దగ్గర్లో చేతికి అందేలా తువ్వాలుగుడ్డ ఒకటి తగిలించండి. దాన్ని ప్లగ్గు ముట్టుకునే ముందు చెయ్యి తుడుచుకోడానికి తప్ప వాడకండి. నా వంటింట్లో ఇప్పుడది ఉంది.

మిక్సీ ప్లగ్గుకి మూడు పిన్నులుంటాయి. అన్నిటికంటే లావుగా, పొడుగ్గా ఉండేది ఎర్త్ పిన్ను. పొడుగ్గా ఎందుకంటే ప్లగ్గు పెట్టేటప్పుడు అది ముందు తగలాలి, తీసేటప్పుడు చివర ఊడాలి. లోపల తీగ తెగి ఇనప భాగానికి కరెంటు తగిలితే అది మన ఒంట్లోంచి పోకుండా భూమిలోకి పోయే దారి అదే. రెండు పిన్నుల అడాప్టరుకి తగిలించామంటే ఆ దారి మూసేసినట్టే. సాకెట్‌కి మూడు రంధ్రాలున్నంత మాత్రాన లోపల ఎర్త్ వైరు ఉందని నమ్మడానికి లేదు. పాత ఇళ్ళలో కొన్నిచోట్ల అది తగిలించి ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఒకసారి చూపించుకోండి.

మీటరు బోర్డులో ఎంసీబీ ఉంది కదా అని ధీమా పడకండి. వైర్లు వేడెక్కకుండా చూడటమే దాని పని, మనిషికి కొట్టే షాకుని అది పట్టుకోదు. షాకు నుంచి కాపాడటానికి ఆర్‌సీసీబీ అనే వేరే స్విచ్ ఉంటుంది. ఇళ్ళకి 30 మిల్లీయాంపులది పెడతారు. వెళ్ళే కరెంటుకీ వచ్చే కరెంటుకీ తేడా వస్తే క్షణంలో తెంపేస్తుంది. దాని మీద 'టెస్ట్' అని రాసిన చిన్న బొత్తాం ఉంటుంది. నెలకోసారి నొక్కితే కరెంటు పోవాలి. పోకపోతే ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి.

ఇంకో చోట నుంచి కూడా తడి లోపలికి వెళ్తుంది. జారు అడుగున బ్లేడు తిరిగే చోట వాషరు అరిగిపోతే నీళ్ళు చుక్కచుక్కగా మిక్సీ మీదికి కారుతాయి. ఒక తెల్ల కాగితం పరిచి, దాని మీద నీళ్ళు పోసిన జారుని పది నిమిషాలు ఉంచి చూడండి. కాగితం తడిసినా, నల్లటి జిడ్డు మరక పడినా ఆ జారు మరమ్మతుకి ఇవ్వాల్సిందే. స్టీలు జారుకీ మోటారుకీ మధ్య ఉన్నది ఆ ప్లాస్టిక్ కప్లరే. దానిచుట్టూ నీళ్ళు చేరితే ఆ అడ్డు కూడా పనిచెయ్యదు. మిక్సీ ముట్టుకుంటే చిన్నగా 'జివ్వు' మన్నా సరే, 'తడి చెయ్యిలే' అని సర్దుకోకండి. ప్లగ్గు తీసి పక్కన పెట్టండి.

నెమ్మదైనదని నమ్మించే గ్రైండర్

మిక్సీ అంటే అందరికీ కాస్త భయం ఉంటుంది. గ్రైండర్ అంటే ఉండదు. నెమ్మదిగా, రోట్లో పొత్రంలా తిరుగుతుంది. మూత తీసి ఉంచి, మినప్పప్పు గోడలకంటితే చేత్తో తోస్తాం. నీళ్ళు చిలకరిస్తాం. పిండి మెత్తబడిందో లేదో వేళ్ళతో తీసి చూస్తాం. నిజానికి ఇంట్లో వాడే గ్రైండర్ మోటారు మిక్సీ మోటారుకంటే చిన్నది. మిక్సీకి 500 నుంచి 750 వాట్లుంటే చిన్న గ్రైండర్‌కి 150 వాట్లే ఉంటుంది. కానీ మోటారు వేగాన్ని తగ్గించి గిన్నెని తిప్పేటప్పుడు, తగ్గిన వేగం బలంగా మారుతుంది. దానికి తోడు రాళ్ళ బరువు. వేలు అడ్డం వస్తే ఆగేది కాదు, లాక్కెళ్ళేది. రాయికీ గిన్నె గోడకీ మధ్య వెళ్ళిన వేలు తెగదు, నలుగుతుంది.

మా పెద్దమ్మ ఒకసారి మినప్పప్పు రుబ్బుతూ గోడలకంటిన పిండి తోస్తుంటే, ముంజేతి గాజులు రాతికి తట్టాయి. గాజులు రెండు పగిలి పిండిలో కలిసిపోయాయి, చెయ్యి మాత్రం బయటికి వచ్చింది. అయిదుమందికి సరిపోయే పిండి పారబోసి ఆవిడ నాతో అన్నది, "గాజులు మట్టివి కాబట్టి పగిలి నన్ను వదిలాయి. అదే బంగారు గాజులైతే?" అని. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. గట్టి గాజు పగలదు, చేతితోపాటు లోపలికే వెళ్తుంది.

గ్రైండర్ ముందు నిలబడేటప్పుడు గాజులు తీసెయ్యండి, లేదా మోచేతి వైపుకి ఎక్కించుకోండి. చీర కొంగు నడుముకి బిగించి దోపుకోండి. చున్నీ ఉంటే పక్కన పెట్టండి. జడ వెనక్కి వేసి ముడి పెట్టుకోండి, ఎందుకంటే వంగి లోపలికి చూసినప్పుడు ముందు జారేది అదే. నీళ్ళు గ్లాసుతో మూత కంతలోంచి పోయండి. పిండి చూడాలనుకుంటే స్విచ్ ఆపండి, గిన్నె ఆగనివ్వండి, అప్పుడు తీసి చూడండి. అర నిమిషం పట్టదు.

కరెంటు పోతే గ్రైండర్‌కి రెండింతల జాగ్రత్త కావాలి. గట్టి పిండిలో రాళ్ళు కూరుకుని ఉండగా కరెంటు వస్తే, అది కదల్లేక మూలుగుతుంది. మోటారు వేడెక్కుతుంది. మూలుగు విని మనం చేత్తో రాయిని కదిలించబోతాం, అది అప్పుడు తిరుగుతుంది. అందుకే కరెంటు పోయిన వెంటనే స్విచ్ ఆపి ప్లగ్గు తీసెయ్యాలి. కరెంటు వచ్చాక పిండిలో కాస్త నీళ్ళు పోసి వదులు చేసి, మూత పెట్టి మొదలుపెట్టాలి.

కడిగేటప్పుడే ఎక్కువ తప్పులు

రుబ్బడం అయిపోయింది, ఇక కడగడమే కదా అని మనసు తేలికపడే వేళకి తప్పు జరుగుతుంది. గ్రైండర్ తిరుగుతూండగానే నీళ్ళు పోసి, బ్రష్షుతో గోడలు రుద్దితే తొందరగా అవుతుందని చాలామంది అలా చేస్తారు. బ్రష్షు పట్టిన చెయ్యి రాళ్ళ దగ్గరికి వెళ్ళేది అప్పుడే.

మంచి పద్ధతి ఇలా. గ్రైండర్ ఆపి ప్లగ్గు తీసి, పైన బిగించిన లాక్ వదులు చేసి రాళ్ళు బయటికి తియ్యండి. అవి పిండితో జారుతాయి, బరువుగా ఉంటాయి, కాలి మీద పడకుండా రెండు చేతులతో పట్టుకోండి. పిండి తీసేశాక రాళ్ళు మళ్ళీ లోపల పెట్టి, లాక్ బిగించి, కాసిని నీళ్ళు పోసి మూత పెట్టండి. చెయ్యి తుడుచుకుని ప్లగ్గు పెట్టి ఒక నిమిషం తిప్పండి. మళ్ళీ ఆపి, ప్లగ్గు తీసి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు బ్రష్షుతో రుద్దండి. తిప్పడమైనా, రుద్దడమైనా ఒక్కోసారి ఒక్కటే. రెండూ కలిపి చెయ్యకూడదు.

మిక్సీ జారుకీ ఇదే పద్ధతి. కొంచెం నీళ్ళు, ఒక చుక్క సబ్బు వేసి మూత పెట్టి పది సెకన్లు తిప్పితే బ్లేడు కింద ఇరుక్కున్నది చాలావరకు వదిలిపోతుంది. తర్వాత జారు దించి, పొడుగు కాడ ఉన్న బ్రష్షుతో బ్లేడు కిందుగా రుద్దండి. గుడ్డ చుట్టిన వేలు లోపల పెట్టకండి, గుడ్డ బ్లేడుకి చిక్కుకుంటే వేలు దాని వెంటే వెళ్తుంది. బ్లేడు ఊడదీసే రకమైతే, సబ్బు నీళ్ళ సింకులో దాన్ని ఎప్పుడూ వదలకండి. నురగలో అది కనపడదు, గిన్నెల కోసం చెయ్యి పెట్టిన పనమ్మాయికి తెలియదు. మిక్సీ మోటారు భాగాన్ని కుళాయి కింద పెట్టకండి. ప్లగ్గు తీసి, పిండిన తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడిస్తే చాలు.

అయినా జరిగితే

వేలు తెగితే ముందు శుభ్రమైన గుడ్డ గట్టిగా నొక్కి పట్టి చెయ్యి గుండెకంటే పైకి ఎత్తి ఉంచండి. పది నిమిషాలు గుడ్డ తీసి చూడకుండా నొక్కండి. కాఫీపొడి, పసుపు, సున్నం వెయ్యకండి. వాటిని తీసి గాయం కడిగేసరికి డాక్టరుకి సమయం పోతుంది. ఉంగరం ఉంటే వాపు రాకముందే తీసెయ్యండి. వేలి ముక్క ఊడిపోతే పారెయ్యకండి. దాన్ని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో మూతిగట్టి, ఆ కవరుని ఐసు నీళ్ళున్న ఇంకో సంచిలో పెట్టి వెంట తీసుకెళ్ళండి. ఐసు నేరుగా తగలకూడదు. ధనుర్వాతం ఇంజెక్షన్ గురించి అడగండి.

గ్రైండర్‌లో చెయ్యి ఇరుక్కుంటే ముందు స్విచ్ ఆపి ప్లగ్గు తియ్యాలి. గిన్నెని వెనక్కి తిప్పి చెయ్యి లాగబోకండి. పైన లాక్ వదులు చేసి రాయి ఎత్తితే చెయ్యి వస్తుంది. రాకపోతే యంత్రంతో సహా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. షాకు కొట్టి మనిషి అతుక్కుపోతే ఆ మనిషిని ముట్టుకోకండి. మెయిన్ స్విచ్ ఆపండి, అది దగ్గర్లో లేకపోతే పొడిగా ఉన్న కర్రతో తోసెయ్యండి. మెయిన్ ఎక్కడుందో ఇంట్లో పెద్దవాళ్ళకీ, పదేళ్ళు దాటిన పిల్లలకీ చూపించి ఉంచండి.

నా వేలు మానింది. గోరు కాస్త వంకరగా పెరిగింది, రాసేటప్పుడు అది కాగితాన్ని గీరుతుంటే ఆ పొద్దు గుర్తొస్తుంది. మా ఇంట్లో ఇప్పుడు కరెంటు పోతే ఒక మాట వినిపిస్తుంది. ముందు గదిలోంచి మా అత్తయ్య, పక్క గదిలోంచి మా అమ్మాయి ఒకేసారి అరుస్తారు: "జారు దించావా?" అని. 'దించాను' అని చెప్పేదాకా ఇద్దరూ వదలరు. మొన్న మా అమ్మాయి పచ్చడి చేస్తుండగా కరెంటు పోతే, నేను అరిచేలోపే జారు దించి గట్టుమీద పెట్టేసి, నాబ్ సున్నాకి తిప్పి, చెంచా కోసం సింకు దాకా నడిచి వెళ్ళింది. ఆ రెండడుగులు చూసి నాకు కాస్త ధైర్యం వచ్చింది.